‘యాదుంటది తియ్’ గారికి ఒక మనవి

నల్లగొండ, పాలమూరు ఇండ్లల్ల తాతల నాటి నుంచి తిష్ట వేసిన శ్రీయుత ‘యాదుంటది తియ్’ గారికి,

దండాలు. మీ లెక్క బహు సులువు. బ్యాంకుల పంట అప్పు దసరాకు తెచ్చినం, మళ్ల దసరాకు కడతం. పుస్తకమెందుకు, రాసుడెందుకు?

అయితే బ్యాంకుకు జమ్మిచెట్టు తెల్వదండి, తేదీలే తెలుసు. 2025 దసరా అక్టోబర్ 2న వచ్చింది. పండుగ పోయినంక 4న లక్ష రూపాయలు తెచ్చినరనుకోండి. 2026ల నడుమ అధిక జ్యేష్ఠం పడి, దసరా అక్టోబర్ 20కి జరిగింది. మీ మాట నమ్మినోడు పండుగ తెల్లారి పైసలు పట్టుకపోతే, ఏడాది నిండి 17 రోజులైతది.

గడువులోపల కడితే 7 శాతం మిత్తిల 3 శాతం తగ్గింపు ఉంటది. అంటే లక్షకు ఏడాదికి 4,000. గడువు దాటితే 7,000, ఆ పైన గడువు నాటి నుంచి బ్యాంకు మామూలు మిత్తి. పండుగలతోని లెక్క పెట్టినందుకు మూడు వేలు! ఇంకో మాట: 2026 అక్టోబర్ 4 ఆదివారం. 3నే కట్టాలె. ఇది మీకెట్లా యాదుంటది?

మిత్తి రేటు కాడ ఇంకింత పెద్ద వేషం వేస్తరు. బంగారం మీద తెచ్చింది ‘తొమ్మిది’, పక్కూరాయన దగ్గర నోటు రాసి తెచ్చింది ‘రెండే’ అంటరు. తొమ్మిది ఏడాదికి, రెండు నెలకు. బంగారం అప్పు నూటికి నెలకు 75 పైసలు, ఆ ‘రెండే’ ఏడాదికి 24 రూపాయలు. పత్తి పైసలు చేతికి రాంగనే మీరు ముందు బంగారం విడిపిస్తరు, నోటును ఎదగనిస్తరు. మంచి సంసారం!

అందుకే పుస్తకం పెట్టినం. అప్పుకొక పేజీ. పైన ఎవలిచ్చిన్రు, ఏ తేదీన, అసలు ఎంత అన్నది. మిత్తి అన్నిటికీ ఒక్క తీరుగ, నూటికి ఏడాదికి ఎంతని. గడువు తేదీ కింద, దానికి వారం ముందటి తేదీ ఎర్ర సిరతోని. పైసలు జమ చేసేది ఆ ఎర్ర తేదీకే. కట్టినప్పుడల్లా తేదీ, పైసలు, రశీదు నంబరు రాస్తం. నోటు అప్పైతే ఇచ్చినాయన తోనే నోటు వెనుక చెల్లు రాయించి, సంతకం పెట్టించి, ఫోన్ల ఫొటో తీసుకుంటం. మొదటి పేజీల 12 నెలలు గీసి, ఏ నెల ఏది కట్టాలెనో అక్కడ ఎక్కిస్తం. సంఘం కిస్తు గూడ అందులోనే.

మీ పేరు మీద కూడ ఒక పేజీ తెరిచినం. బాకి: 3,000. గడువు: మీకు యాదొచ్చిన నాడు.

ఇట్లు,
దేవరకొండ దిక్కు లెక్కలు రాసే ఇంటోళ్లు