ప్లంబర్ ఎత్తొద్దు

వనస్థలిపురంలో మా మావయ్యకి నాలుగు వాటాల ఇల్లుంది. ఇంటికి సంబంధించిన రికార్డులన్నీ ఆయన సెల్‌ఫోన్లోనే ఉంటాయి. తెరిచి చూస్తే ‘ప్లంబర్’, ‘ప్లంబర్ కొత్త’, ‘ప్లంబర్ పాత కొత్త’, ‘ప్లంబర్ మంచోడు’, ‘ప్లంబర్ ఎత్తొద్దు’. ఎత్తొద్దు అన్నవాడు చెడ్డవాడేం కాదు. అందరిలోకీ పనిమంతుడు వాడే, కాకపోతే మావయ్య వాడికి మూడొందలు బాకీ.

మొన్న ఫిబ్రవరిలో పైన ముందువాటా గీజర్ కారడం మొదలెట్టింది. ఆ వాటాలో ఉండేది రిటైరైన లెక్కల మాస్టారు. మావయ్య ధీమాగా, “సేఫ్టీ వాల్వ్ అయ్యుంటుంది మాస్టారూ, మార్పించేద్దాం” అన్నాడు. “వాల్వయితే నీళ్లు కాగేటప్పుడే కారాలండీ. ఇది రాత్రి స్విచ్చి ఆపేసినా కారుతోంది, పైగా ఎర్రనీళ్లు” అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు కదా, దేన్నీ ఊరికే ఒప్పుకోరు.

కంపెనీ కుర్రాడొచ్చి కింది మూత విప్పాడు. కాయిల్ బిగించే చోట గ్యాస్కెట్ పొడిగానే ఉంది. తుప్పునీళ్లు పైనున్న ఇన్సులేషన్ లోంచి దిగుతున్నాయి. “ట్యాంకే పోయింది సార్. దీన్ని అతికించడం కుదరదు. ఈ మోడల్‌కి మొత్తం మీద వారంటీ 2 ఏళ్లు, కాయిల్‌కి 4, ట్యాంకుకి 7. బిల్లుంటే చూపించండి.”

మావయ్య మొహం వెలిగిపోయింది. ఎందుకంటే బిల్లుంది. బీరువాలో పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో, పెళ్లినాటి లగ్నపత్రికంత భద్రంగా ఉంది. తెచ్చి గర్వంగా అందించాడు. కుర్రాడు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లైటుకేసి పట్టి చూశాడు.

“ఏమీ లేదు సార్ ఇందులో.”

నిజంగానే ఏమీ లేదు. తెల్లకాగితం. షాపుల్లో మిషనులోంచి జర్రుమని వచ్చే ఆ బిల్లు మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. అది ఎలాగూ కొన్నేళ్లకి వెలుస్తుంది, కొన్నిరకాల ప్లాస్టిక్ కవర్లలో పెడితే ఇంకా తొందరగా. మావయ్య శ్రద్ధే దాన్ని చంపేసింది.

“బిల్లు లేకపోతే స్టిక్కర్ మీద తయారైన తేదీ నుంచి లెక్కేస్తాం సార్. ఇది 2019 జనవరిది. అంటే పోయిన నెలతో అయిపోయింది.”

కొత్త గీజరంటే ఎనిమిది వేలు. మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. మాస్టారు మాత్రం లోపలికెళ్లి ఓ లాంగ్ నోట్‌బుక్ పట్టుకొచ్చారు. “గీజర్ పెడితేనే దిగుతామన్నాం కదండీ, ఆ దీపావళికి. షాపు నుంచి వస్తూ దారిలోనే బిల్లు జిరాక్స్ తీయించాను.”

మొదటి పేజీలో అతికించి ఉంది. 2019 అక్టోబర్. పక్కన స్టిక్కర్ మీది సీరియల్ నంబరు. వారంటీ ఇంకా ఎనిమిది నెలలుంది. కుర్రాడు నంబరు సరిచూసుకుని, ట్యాంకుకి కంప్లైంట్ రాసుకున్నాడు.

ఆ సంతోషంలో మావయ్య పేజీ తిప్పాడు. తిప్పకుండా ఉండాల్సింది.

2023 జూన్: గీజర్ వాల్వ్, సామాను 400, కూలి 250, వచ్చిన మనిషి ఫోన్ నంబరు, ‘ఆరు నెలలు గ్యారంటీ అన్నాడు’. కింది వరసలో అదే ఏడాది అక్టోబర్: మళ్లీ గీజర్ వాల్వ్, సామాను 450, కూలి 250, ఇంకో నంబరు.

“అదేంటి మాస్టారూ, నాలుగు నెలలకే పోతే మొదటివాడు ఊరికే మార్చాలిగా!”

“మార్చాలండీ. మీరు రెండోసారి ‘కొత్త’ని పంపించారు. మొదట వచ్చింది ‘మంచోడు’.”

“మరి నాకు చెప్పొద్దూ?”

“మీరడగలేదు కదండీ.”

సామాను, కూలి విడివిడిగా ఎందుకు రాశారంటే దానికీ జవాబుంది. గ్యారంటీ వస్తువుకేనట. ఊరికే మార్చినా కూలి అడుగుతాడు, అప్పుడు ఎంతివ్వాలో పాత వరసలో ఉండాలిగా. మావయ్యకి నోట మాట రాలేదు.

కుర్రాడు వెళ్తూ వెళ్తూ, “మీది బోరు నీళ్లు సార్. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, ట్యాంకు బదులు అది అరుగుతుంది. ఏడాదికోసారి విప్పి చూపించుకోండి. దానికి వారంటీ ఉండదు. ట్యాంకు కొత్తదైనా వారంటీ మాత్రం పాత బిల్లు ప్రకారమే, మళ్లీ మొదలవదు” అన్నాడు. మావయ్య బుద్ధిగా తలూపాడు. మాస్టారు రాసుకున్నారు.

సాయంత్రం మావయ్య పుస్తకం అడిగి తీసుకుని, మొత్తం జిరాక్స్ తీయించి, మిగిలిన మూడు వాటాలకీ మూడు నోట్‌బుక్కులు కొనుక్కొచ్చాడు. అసలు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, ఆఖరి పేజీలో కొత్త వరస రాశారు:

‘ఓనరుగారికి పుస్తకం ఇచ్చుట. అట్ట చినిగినది. అతుకు ఖర్చు 15. వచ్చే నెల అద్దెలో తగ్గించవలెను.’