అరిస్తే పెరిగేవి అచ్చులే

“చెవుడు ఉన్నవాళ్లకి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పండి. ఒక్కో అక్షరం విడదీసి చెప్పండి. నత్తి ఉన్నవాళ్లు ఆగిపోతే మీరే మాట అందించండి, ‘టెన్షన్ పడకు, ఊపిరి పీల్చుకో’ అని ధైర్యం చెప్పండి. పని తొందరగా అవ్వాలంటే పక్కన ఉన్నవాళ్లతో మాట్లాడేయడమే ఇద్దరికీ మంచిది.”

ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, బంధువుల గ్రూపులో రెండుసార్లు వచ్చింది. పంపినవాళ్ల మనసు మంచిదే. కానీ నేను విశాఖలో వినికిడి, మాట పరీక్షలు చేస్తాను. ఇందులోని ప్రతి సలహా వల్లా ఇబ్బందిపడ్డ మనుషులు నా గదిలో కూర్చున్నారు. అందుకే చెప్పాల్సి వస్తోంది.

మొదట గట్టిగా చెప్పడం సంగతి. గాజువాక వైపు నుంచి ఒక పెద్దాయన కోడలితో వచ్చారు. ముప్ఫై ఏళ్లు ఓడల రిపేరు పనిలో గ్రైండింగ్ మిషన్ల పక్కనే గడిపిన మనిషి. కోడలు కూర్చోకుండానే చెప్పింది: “మావయ్యగారికి కావాలంటే వినిపిస్తుందండీ, వద్దనుకుంటే వినిపించదు.” ఆయన తల అడ్డంగా ఊపి, “వినబడతాదమ్మా. ఏటంతున్నారో తెలవదు” అన్నారు. ఆమె చూసింది నిజమే, ఆయన చెప్పిందీ నిజమే. చెవుడు గురించి ఊళ్లో ఉన్న అపార్థం చాలావరకు ఈ రెండు మాటల మధ్యే ఉంది.

వయసు వల్ల వచ్చినా, ఏళ్ల తరబడి మోత మధ్య పనిచేస్తే వచ్చినా, ఇలాంటి చెవుడు అన్ని శబ్దాలనీ సమానంగా తగ్గించదు. సన్నటి, పైస్థాయి శబ్దాలు ముందు పోతాయి, లావుపాటి శబ్దాలు చాలాకాలం నిలుస్తాయి. మన మాటలో అచ్చులకి బలం ఎక్కువ, అవి కింది స్థాయిలో బాగా మోగుతాయి. స, చ, త, క, ప లాంటి హల్లులు పుట్టడమే బలహీనంగా పుడతాయి, వాటిని ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసే గుర్తులు చాలావరకు పైస్థాయిలో ఉంటాయి. కాబట్టి ఆయనకి మనిషి గొంతు వినిపిస్తుంది, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది, మాట మాత్రం సగం అరిగిపోయి చేరుతుంది.

పరీక్షలో నా నోరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని మూడు మాటలు చెప్పాను: పప్పు, కప్పు, తప్పు. ఆయన మూడింటికీ “ఉప్పు” అన్నారు. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. మళ్లీ మూడూ ఉప్పే, కాకపోతే ఈసారి మొహం చిట్లించారు. కాగితం తీసేసి మామూలు గొంతుతో చెబితే “పప్పు” అని టక్కున పట్టుకున్నారు. ప అన్నప్పుడు పెదవులు కలుస్తాయి, క, త అన్నప్పుడు కలవవు. చెవి జారవిడిచినదాన్ని కన్ను అందుకుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. పాట, బాట, మాట పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి, కంటికి తేడా తెలియదు. వాటిని విడదీసేది గొంతులో, ముక్కులో పుట్టే మోత, అది కింది స్థాయిది, ఆయన చెవికి ఇంకా అందుతోంది. అంటే ఆయన చెవితో సగం, కంటితో సగం వింటున్నారు. చెవి దగ్గర నోరు పెడితే ఆ కంటి సగం పోతుంది.

ఇక అరిచినప్పుడు పెరిగేది ప్రధానంగా అచ్చులే. హల్లులు అంతగా పెరగవు, పక్కనున్న అచ్చు మోతలో ఇంకా మునిగిపోతాయి. పైగా ఇలాంటి చెవుల్లో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంటుంది. చిన్న శబ్దం అసలు వినపడదు, కొంచెం పెంచితే ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది, మధ్యలో హాయిగా వినగలిగే జాగా ఇరుకైపోతుంది. “వినపడలేదు” అన్న మనిషే మరుక్షణం “ఎందుకలా అరుస్తావు” అనేది అందుకే. అది మొండితనం కాదు. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకైతే, చెవి మీదికి మొహం తెస్తే మిషన్ ఈల వేస్తుంది, అరుపు చిట్లిపోయి చేరుతుంది.

మరి ఎలా చెప్పాలి? దూరం తగ్గించాలి. మామూలు సంభాషణ ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ అందులో ఇంచుమించు 6 డెసిబెల్స్ పోతాయి. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల ఇంట్లో ఈ లెక్క కొంచెం మారుతుంది గానీ, నాలుగు మీటర్ల అవతల వంటింట్లోంచి పిలిచే బదులు ఒక మీటరు దూరానికి వస్తే, గొంతు పెంచకుండానే దాదాపు 12 డెసిబెల్స్ కలిసొస్తాయి. మిక్సీ, టీవీ ఆపేస్తే ఇంకా తేలిక. మన మొహం మీద వెలుతురు పడాలి, కిటికీకి వీపు పెట్టి నిలబడితే మన మొహం వాళ్లకి నల్లటి నీడలా కనిపిస్తుంది. బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడదామనుకుంటే ముందే చెబుతున్నాను, చెవి మిషన్ మైకులో గాలి కొట్టి హోరు తప్ప ఏమీ వినిపించదు. ఏదైనా గోడ చాటున కూర్చోండి.

ఒక్కో అక్షరం విడదీయడం తెలుగులో మరీ చేటు. మన భాషలో పొట్టి, పొడుగు అచ్చుల మీదే మాట అర్థం ఆధారపడి ఉంటుంది. సాగదీసి చెబితే నెల కాస్తా నేల అవుతుంది, పది పాది అవుతుంది. పెదవుల కదలిక కూడా మారిపోయి కన్నూ మోసపోతుంది. మాటని మాటలాగే ఉంచి, వేగం కాస్త తగ్గించి, రెండు మూడు మాటలకొకసారి ఆగితే చాలు.

ఆ కోడలితో నా గదిలోనే ఒకసారి చెప్పించాను. మామూలుగా ఆమె అనేది, “రాత్రి అన్నానికి ఇరవై నిమిషాల ముందు షుగర్ మాత్ర వేసుకోండి.” విషయం ఏమిటో మధ్యలో గానీ తెలియదు, ఈలోగా ఆయన వెనకబడిపోతారు. మార్చి చెప్పింది. ముందు “మావయ్యగారూ” అని పిలిచి, ఆయన తన వైపు చూసేదాకా ఆగింది. “మందుల గురించి” అంది. ఒక క్షణం ఆగి, “షుగర్ మాత్ర. రాత్రి. అన్నానికి ఇరవై నిమిషాల ముందు” అంది. ఆయన “అరవై నిమిషాలా?” అన్నారు. ఇరవై, అరవై ఈ చెవులకి కవల పిల్లలు. అదే మాట మళ్లీ మళ్లీ చెబితే అదే తప్పు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది కాబట్టి మాట మార్చమన్నాను. “రెండు, సున్నా” అని రెండు వేళ్లు చూపించింది. అయిపోయింది.

“అర్థమైందా?” అని మాత్రం అడగొద్దు. ఏళ్లుగా సరిగ్గా వినపడని మనిషి నవ్వి “ఆఁ ఆఁ” అనడం నేర్చుకుని ఉంటారు. “అయితే ఎన్నింటికి వేసుకుంటారు?” అని అడిగితే తెలిసిపోతుంది. ఈ పద్ధతి అందరికీ చాలదు. అసలేమీ వినపడని స్థాయిలో ఉన్నవాళ్లకి రాసి చూపించడమో, వాళ్లకి వచ్చిన సైగ భాషో కావాలి.

ఇప్పుడు నత్తి. మాట అందించడం సాయమేనని చాలామంది నిజంగా నమ్ముతారు. పార్వతీపురం వెళ్లాల్సిన ఒక కుర్రాడు తనకి జరిగింది చెప్పాడు. ఒక టికెట్ కౌంటర్ దగ్గర “పా... పా...” దగ్గర ఆగిపోయాడు. లోపలాయన “పాడేరా?” అన్నాడు. కాదని తల ఊపి మళ్లీ మొదలుపెట్టాడు. “పాలకొండా?” వెనక నుంచి ఇంకెవరో “పాయకరావుపేటేమో!” మన జిల్లాల్లో పా తో మొదలయ్యే ఊళ్లకి కొదవలేదు. ప్రతి తప్పు ఊహకీ అతను మాట వదిలేసి, కాదని చెప్పి, మొదటి నుంచి ఎత్తుకోవాలి. నాలుగోసారికి “పాలకొండే” అని తల ఊపేసి ఆ టికెట్టే తీసుకుని పక్కకి వచ్చేశాడు. అక్కణ్ణుంచి ఇంకో బస్సు వెతుక్కున్నాడట. ఎవరూ మాట అందించకుండా ఉంటే ఎంతసేపు పట్టేది? మాట ఇరుక్కుపోవడం వినేవాళ్లకి యుగంలా అనిపిస్తుంది గానీ, గడియారం పెట్టి చూస్తే ఎక్కువసార్లు ఒకటి రెండు సెకన్లే. అతనికి ఏ మాట చెప్పాలో తెలుసు. అది నోటి దగ్గరే ఉంది.

టెన్షన్ సంగతి ఇంకా సున్నితమైంది. నత్తి భయం వల్ల పుట్టదు. ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ల మధ్య, మాటలు వాక్యాలయ్యే వయసులో మొదలవుతుంది, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. మాటకి కావలసిన కదలికల్ని మెదడు వేళకి అందించే తీరులో తేడా ఇది. పెద్దవాళ్లలో నూటికి ఇంచుమించు ఒకరికి ఉంటుంది. టెన్షన్ దాన్ని పెంచగలదు, పుట్టించదు. చిన్నప్పుడు వస పోయకపోవడం వల్లా రాదు. మాట ఇరుక్కున్న క్షణంలో గొంతు బిగుసుకుని గాలి కదలదు, అప్పుడు “ఊపిరి పీల్చుకో” అనడం మూసుకున్న తలుపుని నెట్టమన్నట్టే. ఇంకో నష్టం కూడా ఉంది. అతను చెబుతున్న విషయం పక్కకి పోయి, అతను ఎలా చెబుతున్నాడన్నది ముందుకొస్తుంది. ఆ కుర్రాడు నాతో అన్నాడు, “మేడమ్, ఊపిరి పీల్చుకో అన్నప్పుడల్లా వాళ్లు నా మాట వినడం మానేశారని తెలిసిపోతుంది.”

వినేవాళ్లు చేయాల్సింది తక్కువ, కానీ చేయడం కష్టం. మొహం మామూలుగా ఉంచి, చూపు తిప్పుకోకుండా, గుచ్చి చూడకుండా ఆగాలి. మాట అయిపోయిందనిపించాక కూడా ఒక సెకను ఆగాలి, ఇంకో మాట ఉండొచ్చు. “నెమ్మదిగా చెప్పు” అనే బదులు మనం మాట్లాడే వేగం తగ్గిస్తే ఎదుటివాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. నిజంగా అర్థం కాకపోతే అర్థమైనంత చెప్పి మిగతాది అడగాలి: “పార్వతీపురం టికెట్ అన్నారు, ఎన్ని?” అప్పుడు మొత్తం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. ఫోన్లో అవతల నిశ్శబ్దం వస్తే “హలో, హలో” అని పెట్టేయకండి. చాలామందికి కష్టమైన మాట వాళ్ల పేరే. వేరే మాటకైతే బదులు మాట వాడి తప్పించుకోవచ్చు, పేరుకి బదులు మాట ఉండదు. మాట అందిస్తే ఇష్టపడేవాళ్లు కూడా కొందరున్నారు. దగ్గరివాళ్లయితే తీరికగా ఉన్నప్పుడు ఒకసారి అడగండి, “నువ్వు ఆగినప్పుడు నన్నేం చేయమంటావు?” అని. వాళ్లు చెప్పిందే పద్ధతి.

పక్కనున్నవాళ్లతో మాట్లాడేయడం గురించి చెప్పాల్సింది కొంచెమే. ఆ పెద్దాయన వచ్చిన రోజు నేనూ ఆ తప్పు చేశాను. “ఈయనకి చెవిలో హోరు ఉంటుందా?” అని కోడలిని అడిగాను. ఆమె “తెలీదండీ” అంది. కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, “చెవిలో శబ్దం. ఎవరూ లేనప్పుడు వస్తుందా?” అని అడిగాను. “కీచురాయిలాగ. రాత్రంతా. రెండేళ్లయినాది” అన్నారు ఆయన. కోడలు ఆయన వైపు తిరిగి, “ఎప్పుడూ చెప్పలేదేంటి మావయ్యగారూ?” అంది. ఆమె మొహం చూస్తూ ఉన్నారేమో, ఆ మాట ఆయనకి మొదటిసారికే అందింది. “నువ్వు అడగలేదు కదమ్మా” అన్నారు.