సోమలింగం ఖాతా

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మా ఇంట్లో పరిస్థితి అంత అధ్వానంగా లేదు. ఆలూ ఉంది, చూలూ ఉంది, నాలుగో నెల నడుస్తోంది. కాబట్టి సోమలింగం పేరు మీద ఎక్సెల్ షీటు తెరిచే హక్కు నాకు సంపూర్ణంగా ఉందని తీర్మానించుకుని, ఒక ఆదివారం పొద్దున హైదరాబాదులోని మా రెండు గదుల ఇంట్లో శిశు వ్యయ అంచనా సంఘాన్ని స్థాపించాను. అధ్యక్షుణ్ణి నేను. సభ్యురాలు మా ఆవిడ. ఎవరూ పిలవకపోయినా శాశ్వత ఆహ్వానితురాలు మా అమ్మ.

మొదటి పద్దు డైపర్లు. మొదటి నెలలో రోజుకు పది దాకా పడతాయి. ఒక్కోటి పదకొండు రూపాయలనుకుంటే నెలకు 3,300. దాన్ని పన్నెండుతో హెచ్చవేసి 39,600 అని ఎర్రరంగులో రాసుకుని, ఆ కంగారులోనే సేల్‌లో దొరుకుతున్న బుల్లి సైజు ప్యాకెట్లు ఆరు నెలలకు సరిపడా కార్టులో వేసేశాను.

మా ఆవిడ ఆపింది. ఆ సైజు ఐదు కిలోల బరువు వరకేనట. బిడ్డ ఐదో నెలకల్లా పుట్టినప్పటి బరువుకు రెట్టింపవుతుంది, అంటే రెండో నెల దాటేసరికే నా నిల్వంతా ఎవరికైనా దానం చేయాల్సిందే. సైజు పెరిగితే ధర పద్నాలుగు దాకా పోతుంది గానీ, రోజుకు ఆరు చాలు. నెలకు రెండున్నర వేలు వేసుకుంటే సరిపోతుంది.

"పాత నూలు చీరలు చింపి పొత్తిళ్ళు చేసి మిమ్మల్ని పెంచాం రా, రూపాయి ఖర్చు లేకుండా," అంది అమ్మ.

"మరి అవి ఉతికేదెవరమ్మా?"

"ఆ మాట నేనెక్కడన్నాను?"

పద్దు ఆమోదం పొందింది.

ఇక అసలు లెక్క. ఏడాదికి డైపర్లు 30,000. టీకాలు, డాక్టరు ఫీజులు 36,000. ఉయ్యాల, బట్టలు, సబ్బు, నూనె వగైరా 24,000. బారసాల, అన్నప్రాసన కలిపి 42,000. మొత్తం 1,32,000, నెలకు సరిగ్గా పదకొండు వేలు. ఇంత గుండ్రంగా వచ్చిన అంకె తప్పయ్యే అవకాశమే లేదని నేను కాఫీ తాగడానికి లేచాను.

తప్పే అయింది. బిడ్డ సగటున పెరగదు. బారసాల ఇరవై ఒకటో రోజునే వచ్చి పడుతుంది, పాతికవేలు. టీకాలు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం. జ్వరం తక్కువగా వస్తుందని ప్రైవేటులో వేయించే రకమైతే, దాంతో కలిపి వేసే మిగతావన్నీ కూడితే ఒక్కోసారికి ఎనిమిది వేలు వేసుకోవాలి. ఉయ్యాల, బట్టలు ముందే కొనాలి, పన్నెండు వేలు. ఈలోగా డైపర్లు తొమ్మిది వేలు. పద్నాలుగో వారానికి బిల్లులు డెబ్బై వేలు. నా సగటు ప్రకారం అప్పటికి చేతిలో ఉండేది ముప్పై ఆరు వేలు. మిగతా సగానికి అధ్యక్షుడు రాజీనామా చేయాలా అన్న చర్చ నడిచింది. ఆ వారాల్లో వేయాల్సిన ముఖ్యమైన టీకాలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. సంఘం దాన్ని "ప్రత్యామ్నాయం" అనే గడిలో రాసుకుంది. బిడ్డ రెండు మూడు రోజులు చిరాకుగా ఉంటే తట్టుకునే ధైర్యం ఎవరికుందో తేలలేదు.

రెండో లోపం మా ఆవిడ కనిపెట్టింది. బిడ్డ ఖర్చే రాశావు, నా సెలవు అయిపోయాక బిడ్డను చూసే మనిషి ఖర్చు రాయలేదంది. తొలి కాన్పుకు జీతంతో ఇరవై ఆరు వారాల సెలవు ఉంటుంది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడితే బిడ్డకు పద్దెనిమిదో వారంలోనే ఆయా కావాలి. రెండే వారాలు ముందు వాడుకుంటే ఇరవై నాలుగో వారం దాకా ఆగొచ్చు. మా వీధిలో పగటి ఆయా నెలకు పదహారు వేలు అడుగుతోంది, అంటే ఆ ఆరు వారాల తేడా ఇరవై నాలుగు వేలు. నేను ఈ లెక్క కట్టి సగర్వంగా తలెత్తాను. ఎనిమిదో నెల కడుపుతో మెట్రోలో నిలబడి వెళ్ళేది ఎవరని ఆవిడ అడిగింది. ఆ గడి ఖాళీగా ఉంది.

చివరికి తీర్మానం: ఐదో నెల నుంచి తొమ్మిదో నెల దాకా, సోమలింగం వచ్చేసినట్టే, జీతం పడ్డ రోజే పదిహేను వేలు వేరే ఖాతాలోకి మళ్ళించాలి. అయిదు నెలలకు 75,000, అంటే ఆ డెబ్బై వేల గండం గడుస్తుంది. ఇప్పుడు లేని పదిహేను వేలు అప్పుడు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఇప్పుడే తెలిసిపోతుంది.

మొదటి నెల తెలియలేదు. రెండో నెల తెలిసింది. బండి ఇన్సూరెన్సు, రెండు శనివారాల బిర్యానీ కలిసి, ఇరవై మూడో తారీఖున ఆ ఖాతాలోంచి నాలుగు వేలు తీశాను. ఇంకా పుట్టని బిడ్డ దగ్గర చేబదులు తీసుకున్న మొదటి తండ్రిని నేనే కాదనుకుంటాను. మా ఆవిడ షీటులో కొత్త వరుస చేర్చింది: "నాన్న బాకీ, 4,000." అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, వడ్డీ ఏదని అడిగింది. నూటికి ఎంతన్నది వచ్చే ఆదివారం సమావేశంలో తేలుతుంది.