ఒక్క జీతం ఇంటికి ఎన్ని నెలల ఖర్చు?

"మా ఇంట్లో జీతం నాదొక్కటే, ఆరు నెలల ఖర్చు పక్కన పెడితే చాలా?"

చాలదండీ, తొమ్మిది నెలలది పెట్టుకోండి. ఉద్యోగం పోతే కొత్తది దొరకడానికే నాలుగైదు నెలలు పట్టొచ్చు, చేరాక మొదటి జీతం చేతికి రావడానికి ఇంకో నెల, ఈలోగా ఆదుకునే రెండో జీతం లేదు. లెక్క మాత్రం ఆపలేని ఖర్చుల మీదే వేయండి. కూకట్‌పల్లిలో అద్దె 18,000, సరుకులు, కరెంటు, పెట్రోలు 17,000, ఈఎంఐ 10,000 అనుకుంటే తొమ్మిది నెలలకి 4,05,000. జూన్‌లో ఒకేసారి పడే స్కూలు ఫీజు 60,000 విడిగా కలపండి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే, కాబట్టి సొంత పాలసీ ప్రీమియం ఓ 30,000. మొత్తం 4,95,000. ఒక నెలది సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది చిన్న చిన్న ఎఫ్‌డీలుగా వేస్తే అవసరానికి ఒక్కటే తెంచుకోవచ్చు.