పీఎస్1 లుక్‌కి రెండు ట్రయాంగిల్స్ నేల చాలదు

“పీఎస్1, నింటెండో 64 లుక్ కావాలా? వర్టెక్స్‌లను వరల్డ్ గ్రిడ్‌కి రౌండ్ చేసేయండి. ఫిల్టర్ తీసేసి టెక్స్చర్‌ని అఫైన్ చేయండి. నేలకి రెండు ట్రయాంగిల్స్ చాలు, పాలిగాన్లు ఎంత తగ్గిస్తే అంత ఒరిజినల్!”

ఈ వారం ఇది ఏ గ్రూపు తెరిచినా కనిపిస్తోంది. పంపేవాళ్లలో ఒక్కరైనా దీన్ని రన్ చేసి చూసినట్టు లేదు.

నింటెండో 64లో టెక్స్చర్‌ని లోతును బట్టి సరిదిద్దే పర్‌స్పెక్టివ్ కరెక్షన్ ఉంది, ఏది ముందో ఏది వెనకో పిక్సెల్ వారీగా తేల్చే జెడ్-బఫర్ ఉంది. దాన్ని ఇందులోకి లాగకండి. ఫిల్టర్ తీసేయడం పీఎస్1 వరకు సరే.

ఇక వరల్డ్ గ్రిడ్. అలా రౌండ్ చేస్తే కదలని గోడ కెమెరా ఎంత తిరిగినా వణకదు. మనకు కావలసిందే ఆ వణుకు. పీఎస్1లో జీటీఈ అనే 3డీ లెక్కల యూనిట్ లెక్కకట్టి ఇచ్చే స్క్రీన్ కోఆర్డినేట్లు పూర్ణాంకాలు, పిక్సెల్‌లో భాగం అనేదే ఉండదు. కాబట్టి రౌండింగ్ ప్రొజెక్షన్ తర్వాతే జరగాలి. గోడాట్ 4 గేమ్ ఇంజిన్ వర్టెక్స్ షేడర్‌లో ఇలా:

```
vec4 p = PROJECTION_MATRIX * MODELVIEW_MATRIX * vec4(VERTEX, 1.0);
vec2 g = vec2(160.0, 120.0);
p.xy = round(p.xy / p.w * g) / g * p.w;
POSITION = p;
```

320×240కి ఇక్కడ 160, 120 ఎందుకంటే తెర -1 నుంచి 1 దాకా ఉంటుంది. 320 అని రాస్తే వణుకు సగమైపోతుంది. వ్యూపోర్ట్ కూడా 320×240లోనే రెండర్ కావాలి. 1080పీలో నున్నటి అంచులు ఒక్కోసారి నాలుగైదు పిక్సెళ్లు దూకితే కనిపించేది పాత కన్సోల్ కాదు, జెల్లీ.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. పీఎస్1లో మోడల్ వర్టెక్స్‌లు కూడా 16-బిట్ పూర్ణాంకాలే. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒకసారి రౌండ్ చేయడం తప్పేమీ కాదు, నిజానికి మంచిదే. దాన్నే వణుకు అనుకోవడం దగ్గరే తేడా.

అసలు విడ్డూరం ఆ రెండు ట్రయాంగిల్స్ నేల. అఫైన్ అంటే లోతును పట్టించుకోకుండా టెక్స్చర్‌ని తెరమీద సమానంగా పరచడం. గోడాట్‌లో అది కావాలంటే `UV * p.w`, `p.w` రెండింటినీ వేరియింగ్‌గా పంపి, ఫ్రాగ్మెంట్‌లో మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అంతవరకు సులువే. ఇప్పుడు ఆ నేల అంచు ఒక కొస కెమెరాకు 1 మీటరు లోతులో, రెండో కొస 10 మీటర్ల లోతులో ఉందనుకోండి. తెరమీద ఆ అంచు నడిమధ్యన టెక్స్చర్‌లో 9 శాతం దగ్గరి భాగం రావాలి. అఫైన్ 50 శాతం దగ్గరిది తెచ్చి అతికిస్తుంది. డయాగనల్‌కి రెండు పక్కలా టెక్స్చర్ వేర్వేరుగా వంగి, గళ్లు విరిగినట్టు కనిపిస్తాయి. ఇక ఒక వర్టెక్స్ కెమెరా వెనక్కి పోయిందా, నేలంతా గిర్రున తిరుగుతుంది. మహా ఒరిజినల్!

ఆ కాలం డెవలపర్లు దీన్ని తట్టుకోలేకే దగ్గరి పాలిగాన్లను ముక్కలు చేసేవారు. మీరూ నేలను 1 మీటరు గళ్లుగా కోయండి. 5 నుంచి 6 మీటర్ల మధ్య గడిలో 50కి బదులు 45 రావాలి, ఆ తేడా కంటికి ఆనదు. 1 నుంచి 2 మీటర్ల గడిలో రావలసింది 33, అదింకా ఎక్కువే. దాన్ని సగం చేస్తే, 1 నుంచి 1.5 మీటర్ల ముక్కలో 40 అవుతుంది. ఎంత కోయాలో తేల్చేది గడి సైజు ఒక్కటే కాదు, దాని రెండు కొసల లోతుల నిష్పత్తి. అందుకే ఆటగాడు నడిచే దారిలో సన్నగా, దూరంగా ఉన్న కొండకి పెద్దగా కోయాలి. నేలమీద చదరంగం గళ్ల టెక్స్చర్ వేసి, కెమెరాను కిందికి దించి నడిపించండి. గళ్లు కొద్దిగా వంగితే చాలు. విసనకర్రలా విచ్చుకుంటే అక్కడ ఇంకోసారి కోయండి.