శనైశ్చరుల వారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ శనైశ్చరుల వారి సన్నిధికి,

మొన్న శనివారం హన్మకొండలో ఒక సిద్ధాంతిగారి వరండాలో మూడు గంటలు కూర్చుని వచ్చాక రాస్తున్న ఉత్తరమిది. నా టోకెను పదిహేడు. పదహారో వ్యక్తి లోపలికి వెళ్ళాడు, భోజనం వేళయ్యింది, సిద్ధాంతిగారూ వెళ్ళిపోయారు. ఆలస్యం మీ గుణమని తెలుసు, అది మీ భక్తులకూ అంటుకుంటుందని తెలియదు.

మా అమ్మ లెక్క ప్రకారం నాకు పట్టింది ఏలినాటి శని. తీరా చూస్తే అది కాదట. అది చంద్రుణ్ణి బట్టి వేసే లెక్క: జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరువాతి రాశి, కలిపి ఏడున్నరేళ్ళు. నాది వృశ్చికం. మీనంలో ఉన్న తమరు నాకు అయిదో ఇంట ఉన్నారు. అయినా నువ్వుల నూనె మాత్రం కొనిపించారు.

అసలు సంగతి ఫోనులోని జాతకం చెప్పింది. 1997 ఏప్రిల్ చివర నేను పుట్టినప్పుడు తమరు మీనంలో సుమారు 19వ డిగ్రీ దగ్గరున్నారు. సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నరేళ్ళు పడుతుంది కనుక ఇప్పుడు మళ్ళీ అక్కడికే వస్తున్నారు. పాశ్చాత్యులు దీన్ని శని పునరాగమనం అంటారు. మన చంద్రుడితో దానికి సంబంధం లేదు.

వచ్చి పోతే సరే. ఈ వానకాలంలోపు ఒకసారి ఆ డిగ్రీని తాకి, వక్రించి వెనక్కి వచ్చి రెండోసారి, వచ్చే ఏడాది మొదట్లో మూడోసారి! అద్దె అడగడానికి ఇంటి ఓనరు కూడా అన్నిసార్లు రాడు.

పునరాగమనంలో ఏమవుతుందంటే ఉద్యోగం మారుతుందట, సంబంధాలు తెగుతాయట లేదా కుదురుతాయట, బాధ్యత తెలుస్తుందట. స్వామీ, ఇరవై తొమ్మిదేళ్ళు నిండినవాళ్ళలో వీటిలో ఒక్కటీ జరగనివాళ్ళను చూపించండి! కంపెనీ నన్ను తీసేస్తే మీ పేరు, అమ్మ తెచ్చిన మూడో సంబంధం తప్పిపోతే మీ పేరు. నువ్వు చేసిందేమిటయ్యా? అంత దూరాన నీ మానాన నువ్వు తిరుగుతున్నావు. తిరుగుడు నీది, తిట్లు నావి.

రాత్రి నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయనా మీనంలో శని ఉన్నప్పుడే పుట్టారు, 1967లో. అంటే ఆయనకిప్పుడు రెండో రాక. మొదటిసారి వచ్చినప్పుడు ఏమైందని అడిగాను. కాజీపేటలో అద్దె ఇల్లు, పాత స్కూటరు, అప్పు, అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి, పళ్ళెంలో చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూశారు.

"ఆ ఏడే నువ్వు పుట్టావు బిడ్డా."

సిద్ధాంతిగారి టోకెను ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే శనివారం నాన్నను పంపమంటారా?

ఇట్లు,
టోకెను నంబరు పదిహేడు