స్కోర్లు కలిస్తే చాలదు

పని నాణ్యతకు స్కోర్లు వేసేటప్పుడు ఒకే పనికి ఒక రివ్యూవర్ అయిదుకు 5, మరొకరు 2 వేశారంటే ఆ తేడాకు కారణం పని చేసిన మనిషి కాదు. నష్టపోయేది మాత్రం ఆ మనిషే. ఈ తేడాను పట్టుకోవడానికే క్యాలిబ్రేషన్ సెషన్లు పెడతారు. రివ్యూవర్లంతా ఒకే నమూనాలకు విడివిడిగా స్కోర్లు వేసి, ఎక్కడ విడిపోయారో కూర్చుని తేల్చుకోవాలి. చాలాచోట్ల గంటసేపు వాదించుకుని, మధ్యేమార్గంగా ఒక అంకె రాసుకుని లేచిపోతున్నారు. అంకె కుదురుతోంది గానీ కొలబద్ద ఎప్పటిలాగే ఉంటోంది. మా అభ్యంతరం అక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. డబ్బు ఎప్పుడు వాపసు వస్తుంది, పాత ఆర్డర్ రద్దయిందా అని ఒక కస్టమర్ రెండు ప్రశ్నలు అడిగారు. వెళ్లిన జవాబులో మొదటిదానికి తేదీతో సహా సరైన సమాధానం ఉంది, మర్యాదకు లోటు లేదు. రెండో ప్రశ్న ఊసే లేదు. అయిదు పాయింట్ల స్కేలు మీద నలుగురు రివ్యూవర్లు 5, 4, 4, 2 వేశారు. సగటు 3.75 కాబట్టి 4 ఖాయం చేసుకుంటే సెషన్ రెండు నిమిషాల్లో ముగుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియకుండా.

కారణాలు అడిగితే కథ మారుతుంది. 5 వేసినవారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు కదా అన్నారు. 2 వేసినవారు కస్టమర్ మళ్లీ రాయక తప్పదు కదా అన్నారు. ఇద్దరూ ఆధారం చేసుకున్నది గైడ్‌లైన్‌లోని ఒకే వాక్యం: ‘సమస్యను సరిగా పరిష్కరించాలి.’ సరిగా అంటే తప్పులు లేకుండానా, పూర్తిగానా అన్నది అందులో లేదు. అసలు విశేషం 4 వేసిన ఇద్దరి దగ్గర బయటపడింది. ఒకరు లోపాన్ని చూసి ఒక పాయింటు తగ్గించారు. రెండోవారు ఆ ప్రశ్నను చూడనే లేదు, ముగింపు పొడిగా ఉందని ఒకటి కోశారు. స్కోర్లు కలిశాయి, కారణాలకు పొంతన లేదు. అందుకే ప్రతి స్కోరు పక్కన ఒక వాక్యం కారణం, అది గైడ్‌లైన్‌లో ఏ పంక్తి మీద ఆధారపడిందో రాయించాలి.

ఇక్కడ రెండు రకాల తేడాలున్నాయి, రెంటికీ ఒకే మందు పనికిరాదు. చూడకపోవడం పొరపాటు, ఆ రివ్యూవర్‌కు చెబితే సరిపోతుంది. అర్థం వేరుగా తీసుకోవడం గైడ్‌లైన్ లోపం. ఎంత చర్చించినా వాక్యం మార్చనిదే పోదు. ఈ సందర్భంలో ‘అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు లేకపోయినా స్కోరు 3 దాటకూడదు’ అని రాసుకోవచ్చు. 3 కాదు 2 అనేవారు ఉంటారు. అది నాణ్యత బాధ్యత మోసేవారు తేల్చాల్సిన మాట, ఓటింగుతో తేలేది కాదు.

స్కోర్లు సమావేశానికి ముందే వేసి, మార్చే వీల్లేకుండా లాక్ చేయాలి. చర్చలో అటు చివర, ఇటు చివర ఉన్నవారు ముందు మాట్లాడాలి, టీమ్ లీడ్ చివర్లో. లీడ్ ముందే నోరు విప్పితే 2 వేసినవారు ‘నేనూ 3 అనుకున్నాను’ అంటారు. మనుషులం కదా.

ఏకాభిప్రాయ శాతం చూసి మురిసిపోయే అలవాటు ఇంకొకటి. ఇద్దరు రివ్యూవర్లు 50 పనులకు పాస్, ఫెయిల్ వేశారనుకోండి. 42 ఇద్దరూ పాస్ చేశారు, 2 ఇద్దరూ ఫెయిల్ చేశారు, మిగిలిన 6 చోట్ల చెరి మూడు ఫెయిల్ చేసి విడిపోయారు. ఏకాభిప్రాయం 88 శాతం. కానీ ఇద్దరూ పదింట తొమ్మిది పాస్ చేసే అలవాటున్నవారే కాబట్టి, కళ్లు మూసుకుని వేసినా సుమారు 82 శాతం కలుస్తాయి. ఈ యాదృచ్ఛిక భాగాన్ని తీసేసి లెక్కించే కోహెన్ కప్పా 1960 నుంచీ ఉంది. పూర్తిగా కలిస్తే 1 రావాల్సిన అది ఇక్కడ 0.33 మాత్రమే. సూటిగా చూసినా అర్థమవుతుంది: కనీసం ఒకరు ఫెయిల్ అన్న 8 పనుల్లో ఇద్దరూ ఒప్పుకున్నవి రెండే. తేలిగ్గా పాసయ్యేవే ఎక్కువుంటే ఈ తేడా కనబడదు కాబట్టి సెషన్‌కు నమూనాలు కుప్పలోంచి యథాలాపంగా తీయకూడదు. ఎనిమిది నమూనాలు ఏరితే సగమైనా అటూ ఇటూ కాని సరిహద్దు కేసులుండాలి.

మారిన వాక్యం పనిచేసిందా అన్నది పాత నమూనాల మీద తెలియదు, వాటి స్కోర్లు అందరికీ గుర్తుంటాయి. వారం తర్వాత అదే రకం లోపమున్న నాలుగైదు కొత్తవి ఇచ్చి, మళ్లీ విడివిడిగా వేయించాలి. అప్పటికీ విడిపోతే వాక్యాన్ని ఇంకోసారి తిరగరాయాలి. కొత్త నియమం ఏ తేదీ నుంచి అమలో దాని పక్కనే రాయాలి. అంతకుముందు వేసిన స్కోర్ల వల్ల ఎవరికైనా ప్రోత్సాహకం తగ్గి ఉంటే, వాటిని తిరిగి తెరిచి చూడాలని మేము కోరుతున్నాం.